అడగకుండా రాసిన ఇరవై ఎనిమిది

ఆరోగ్య కేంద్రంలో ఆ నర్సుకి అసలు పేరు ఒకటుందని జనం మర్చిపోయి చాలా ఏళ్లయింది. పూసలమ్మ అంటేనే అందరికీ తెలుసు. ప్రతి గురువారం పొద్దున ముందుగదిలో బెంచీలన్నీ గోడకి జరిపించి, ఆడవాళ్లని చాప మీద కూర్చోబెట్టి, పూసల దండ ఒకటి చేత్తో ఎత్తి పట్టుకుని, ఏ రోజుల్లో గర్భం వస్తుందో ఏ రోజుల్లో రాదో చెప్పేది. పంతొమ్మిదేళ్లుగా అదే గది, అదే దండ, అదే పాఠం. ఎదుటి మనిషి ప్రశ్న పూర్తి చేసేలోపే ఈవిడ జవాబు తయారుగా ఉండేది. మాటకారి అని అందరూ మెచ్చుకునేవాళ్లు. మాటకారితనం ఒక్కోసారి చెవులు మూసేస్తుందని ఎవరు చెబుతారు, చెబితే మాత్రం ఎవరు వింటారు!

ఆ దండ లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఎర్ర పూస అంటే నెలసరి మొదలైన రోజు. రోజుకో పూస చొప్పున రబ్బరు రింగుని ముందుకి జరుపుకుంటూ పోవాలి. ఎర్రదాని తర్వాత ఆరు గోధుమ రంగు పూసలు, అవి భయం లేని రోజులు. ఆ తర్వాత పన్నెండు తెల్ల పూసలు, అప్పుడు దూరంగా ఉండాలి. మళ్లీ గోధుమ రంగువి. వాటి మధ్యలో ఒకటి మాత్రం బాగా ముదురు రంగులో ఉంటుంది. రింగు ఆ ముదురు పూస దాకా రాకుండానే నెలసరి వచ్చేస్తే, ఈ దండ ఆ మనిషికి పనికిరాదని అర్థం. ఇది నెలసరికీ నెలసరికీ మధ్య ఇరవై ఆరు నుంచి ముప్ఫై రెండు రోజులుండే వాళ్లకే.

ఆ గురువారం మూలన కూర్చున్న ఓ బాలింత చంకలో బిడ్డని సర్దుకుంటూ అడిగింది. "నేను పాలిస్తున్నాను కదమ్మా, నాకెందుకీ గోలంతా? పాలిచ్చేవాళ్లకి రాదంటగా."

"ఎవరన్నారే? మీ అత్తా, మీ పక్కింటావిడా?" అంది పూసలమ్మ. అందరూ నవ్వారు. "బిడ్డకి ఆరు నెలలు దాటకూడదు. రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేం పట్టకూడదు. నెలసరి ఇంకా మొదలై ఉండకూడదు. ఈ మూడూ ఉంటేనే చాలావరకు నమ్మకం. మూడింట్లో ఒక్కటి తప్పిందా, నీ పాలు నిన్ను కాపాడవు. పైగా నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది. అంటే నెలసరి కళ్లతో చూడకుండానే మళ్లీ కడుపు రావచ్చు. నీ బిడ్డకి ఎన్నో నెల?"

"ఎనిమిది."

"అయితే క్లాసయ్యాక ఆగు, పోకు."

ఇంత బాగా చెప్పేది. తెలియక కాదు, అన్నీ తెలుసు. అదే కదా బాధ.

పాఠం అయిపోయి ఆడవాళ్లు లేస్తుండగా, గుమ్మం దగ్గర ఓ మగవాడు కనిపించాడు. లారీ డ్రైవరు. చేతిలో పూసల దండ. మగవాళ్లు ఆ గదిలోకి రావడమే అరుదు, అందులోనూ దండతో రావడం! అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయా అయితే చీపురు పక్కన పెట్టి మరీ చూసింది.

"ఏం నాయనా, నువ్వేసుకుంటావా మెళ్లో?" అంది పూసలమ్మ.

అతను నవ్వలేదు. దండ ముందుకి చాపి, ఎర్ర పూస నుంచి లెక్కపెట్టి, ఐదో పూస మీద బొటనవేలు పెట్టాడు. "ఈ రోజున కలిస్తే కడుపొస్తుందామ్మా?"

"ఐదో రోజా? గోధుమ పూస కదా! రాదు."

"నెలసరి ఇంకా పూర్తిగా ఆగలేదు. అప్పుడు?"

"అప్పుడైతే అసలే రాదు. పంతొమ్మిదేళ్లుగా చెబుతున్నా. కావాలంటే కాయితం మీద రాసిస్తాను."

"అక్కర్లేదు, మీ మాట చాలు," అన్నాడు. దండ జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు.

ఎవరు నువ్వు, ఎందుకడుగుతున్నావు, మీ ఆవిడకి నెలసరి ఎన్నాళ్లకొకసారి వస్తుంది. ఈ మూడు ప్రశ్నల్లో ఒక్కటి అడగడానికి ఎంతసేపు పడుతుంది? గుక్కెడు నీళ్లు తాగినంత సేపు. పూసలమ్మ అడగలేదు. బాలింత ఎదురుచూస్తోందని లోపలికి వెళ్లిపోయింది.

* * *

మంగళవారం పన్నెండు గంటలకి కుట్టుపని అమ్మాయి వచ్చింది. బజారు చివర దుకాణంలో జాకెట్లు కుడుతుంది, పూసలమ్మ జాకెట్లు కూడా ఆ పిల్ల కుట్టినవే. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి. ఆ రోజు వచ్చి బల్ల చివర కూర్చుని చెప్పులకేసి చూస్తోంది. కళ్లు వాచిపోయాయి.

"ఏమైందే?"

"ఏడో వారం అన్నారు డాక్టరమ్మ."

"మంచిదే కదా! మీ పాపకి నాలుగేళ్లు నిండాయి. ఒకళ్లకొకళ్లు తోడు."

"మా ఆయన ఇంట్లోంచి వెళ్లగొట్టాడమ్మా. గురువారం సాయంత్రం. పాపని మా అత్త దగ్గరే ఉంచేసుకున్నారు. నేను అక్కావాళ్లింట్లో ఉంటున్నా." చెప్పుల మీంచి చూపెత్తింది. "మీరే చెప్పారంటగా ఆయనకి, ఆ రోజున కడుపు రాదని."

ఆ లారీ డ్రైవరు ఈ పిల్ల మొగుడా!

అమ్మాయి నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆయన నెలన్నర కిందట మూడు రోజులు ఇంటికొచ్చాడు. ఆమె నెలసరి నాలుగో రోజున వచ్చి, ఆరో రోజు పొద్దున మళ్లీ లారీ ఎక్కాడు. "భయం లేదులే, గోధుమ పూసల్లో ఉన్నాం" అని నవ్వుతూ రింగు జరిపింది కూడా ఆయనే. పోయిన బుధవారం తిరిగొస్తే తను సంతోషంగా విషయం చెప్పింది. ఆయనా మొదట సంతోషపడ్డాడు, పాపని భుజాలకెత్తుకుని గంతులేశాడు. పడుకునే ముందు పూసలు లెక్కపెట్టాడు. ఇంకోసారి లెక్కపెట్టాడు. పొద్దున లేచి మాట్లాడలేదు. కాసేపటికి ఎక్కడికో వెళ్లొచ్చాడు. సాయంత్రం వీధి వీధంతా వినేలా అడిగాడు, ఆ కడుపెవరిదని.

"దుకాణానికి వచ్చేవాళ్లలో ఎవరో చెప్పమంటాడు. ఎవరని చెప్పనమ్మా? ఒట్టేసి చెప్పాను. పాప తల మీద చెయ్యి పెట్టబోతే చేతిని విసిరికొట్టాడు. 'నీ ఒట్టు నాకెందుకు, నర్సమ్మ చెప్పింది చాలు' అన్నాడు."

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి పూసలమ్మ నోరు ఈ ప్రశ్న అడగడానికి తెరుచుకుంది. "నీకు నెలసరి ఎన్ని రోజులకొకసారి వస్తుంది?"

"ఇరవై రెండుకి, ఇరవై మూడుకి. పెద్దమనిషినైనప్పట్నుంచీ అంతే. కడుపు రాకుండా మాత్రలు వేసుకున్నన్నాళ్లు మాత్రం లెక్కగా ఇరవై ఎనిమిదికి వచ్చేది. తలనొప్పులని మాత్రలు మానేశాక మళ్లీ మామూలే. ఆ ముదురు పూస దాకా ఎప్పుడూ పోలేదు. తొందరగా వస్తే మంచిదేలే అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదమ్మా."

నిజమే, అడగలేదు. పూసలమ్మ లేచి బీరువాలోంచి రిజిస్టరు తీసింది. ఐదు నెలల కిందటి పేజీ. ఆ రోజు గది నిండా జనం, వరండాలో కూడా జనం. 'మాత్రలు మానేశాను, వేరే ఏదైనా చెప్పండి' అని ఈ పిల్ల వస్తే, దండ చేతిలో పెట్టి పంపేసింది. మాత్రలు మానేసిన వెంటనే గర్భం రావడానికి అవకాశం ఉంటుంది. నెలసరి మాత్రం కుదుటపడటానికి ఒక్కోసారి కొన్ని నెలలు పడుతుంది. మాత్రల మీద ఉన్నప్పుడు వచ్చే లెక్క అసలు లెక్క కానే కాదు. అందుకే కొన్నాళ్లు చూసి, రోజులు లెక్కించి, అప్పుడు గానీ దండ ఇవ్వకూడదు. అంతవరకు వేరే జాగ్రత్త చెప్పాలి. ఇవన్నీ తనకి కంఠోపాఠం. రిజిస్టరులో 'ఎన్ని రోజులకొకసారి' అన్న గడిలో తన చేతిరాతతో ఇరవై ఎనిమిది అని ఉంది. పైగడిలోనూ ఇరవై ఎనిమిదే. కిందగడిలోనూ. పేజీ అంతా ఇరవై ఎనిమిదే. లోకంలో ఆడవాళ్లందరూ ఒకే గడియారం మింగి పుట్టినట్టు!

వేళ్ల మీద లెక్క వేసుకుంది. ఇరవై రెండు రోజులకి నెలసరి వచ్చే మనిషికి అండం ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో విడుదలవుతుంది. మగవాడి బీజం లోపల ఐదు రోజుల దాకా బతికి ఉండగలదు. ఐదో రోజు కలిశారు. రక్తస్రావం ఇంకా ఉన్నా సరే, అది అడ్డుగోడ కాదు. బీజం అక్కడే కాచుక్కూర్చుంది, అండం వచ్చి కలిసింది. ఇందులో వింత లేదు, తప్పు అంతకంటే లేదు. ఆ బిడ్డ ఆ డ్రైవరు బిడ్డే.

ఆ మాట అప్పుడే, అక్కడే చెప్పేసి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. 'తప్పు నాదే తల్లీ, లే, మీ ఆయన దగ్గరికి పోదాం' అంటే సరిపోయేది. కానీ శుక్రవారం పైనుంచి తనిఖీకి పెద్దాఫీసరు వస్తున్నాడు. రిజిస్టర్లన్నీ తిరగేస్తాడు. ఈ సంవత్సరం ఉత్తమ నర్సు అని తన పేరు పైకి వెళ్లింది. ఈలోపు వీధిలో గొడవైతే? 'పూసలమ్మ ఇచ్చిన దండ తప్పట' అని ఊరంతా పాకితే? రిజిస్టరు మూసేసింది.

"ఒక్కోసారి అలా కూడా జరుగుతుందే," అంది. "డాక్టరమ్మతో మాట్లాడి చూద్దాం. నువ్వేం దిగులుపడకు."

"ఒక్కోసారి అంటే ఆయన నమ్మడమ్మా. గట్టిగా చెప్పాలి. మీరు చెబితే నమ్ముతాడు."

"చూద్దాంలే. కొంచెం పని ఒత్తిడి ఉంది."

అమ్మాయి లేచి నిలబడింది. సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

వరండాలో ఇదంతా వింటున్న ఆయా లోపలికొచ్చింది. ఆవిడకి పూసలమ్మ అంటే భయం లేదు, ఎవరన్నా లేదు. "ఏంటమ్మా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు అలా నసిగి పంపేశావు? ఆ పిల్ల మొహం చూశావా?"

"శనివారం వెళ్తానే. తనిఖీ అవ్వనీ."

"తనిఖీ ఎప్పుడూ ఉండేదే. పిల్ల కాపురం ఎప్పుడూ ఉండేదేనా?"

"నీకేం తెలుసు, ఊరుకో," అని కసిరింది పూసలమ్మ.

బుధవారం రిజిస్టర్లు సర్దింది. ఒకసారి ఆ పేజీ తీసి, ఇరవై ఎనిమిదిని ఇరవై రెండుగా దిద్దుదామా అని పెన్ను పెట్టింది కూడా. చెయ్యి రాలేదు. గురువారం క్లాసు చెప్పింది. శుక్రవారం ఆఫీసరు వచ్చాడు. రిజిస్టరు తెరిచి, పేజీలు గబగబా తిప్పి, 'చక్కగా నింపారమ్మా, ఎక్కడా ఖాళీ గడి లేదు' అన్నాడు. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు.

* * *

శనివారం పొద్దున పూసలమ్మ లారీల అడ్డాకి వెళ్లింది. డ్రైవరు లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. పిలిస్తే బయటికి వచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఈసారి ఆవిడ ఏమీ దాచలేదు. ఇరవై రెండు రోజుల లెక్క చెప్పింది, బీజం ఐదు రోజులు బతికుండే సంగతి చెప్పింది, ముదురు పూస సంగతి చెప్పింది. తను అడగకుండా రాసిన ఇరవై ఎనిమిది గురించి చెప్పింది. "ఆ దండ నీ భార్యకి ఇవ్వకూడనిది నాయనా. ఇచ్చింది నేను. నువ్వొచ్చి అడిగితే కళ్లు మూసుకుని చెప్పేసింది కూడా నేనే. ఆ బిడ్డ నీదే. నీ ఇల్లాలిలో ఏ వంకా లేదు. ఇప్పుడే పోయి తీసుకొచ్చుకో."

అతను పక్కనే పడున్న పాత టైరు మీద కూలబడ్డాడు. నూనె మరకల చేతుల్ని గుడ్డకి మళ్లీ తుడుచుకున్నాడు.

"నిన్ననే అయిపోయిందమ్మా," అన్నాడు చివరికి.

"ఏమిటి అయిపోయింది?"

"తీయించుకుంటేనే పాపని చూపిస్తానన్నాను. మా అమ్మ కూడా అదే అంది. బుధవారం దాకా ఒప్పుకోలేదు. మీరొచ్చి చెబుతారని కాచుక్కూర్చుందట, వాళ్లక్క చెప్పింది. నిన్న పొద్దున పెద్దాసుపత్రికి తనే వెళ్లింది. నేను తోడు కూడా పోలేదు." తలెత్తి ఆవిడ వైపు చూశాడు. "నాదే కదూ? నాదేనా అమ్మా?"

పూసలమ్మ లారీ తలుపు పట్టుకుంది. నిన్న పొద్దున తను ఏం చేస్తోంది? ఆఫీసరుకి కుర్చీ వేయించింది. పేజీలు తిప్పుతుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. దేవుడా, ఒక్క పూట ముందు కదిలి ఉంటే!

ఏడుపు ఆగలేదు. అడ్డాలో క్లీనర్లూ డ్రైవర్లూ చూస్తున్నా ఆగలేదు.

* * *

అక్కగారి ఇంట్లో కుట్టుపని అమ్మాయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పూసలమ్మ పక్కన కూర్చుని చెప్పిందంతా కదలకుండా విన్నది. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆ బిడ్డ ఎవరిదో నాకు మొదట్నుంచీ తెలుసమ్మా," అంది. "నాకు మీ లెక్కలక్కర్లేదు. మంగళవారం మిమ్మల్ని చూడగానే మీకూ తెలిసిపోయిందని అర్థమైంది. రిజిస్టరు మూసేశారు చూడండి, అప్పుడు."

"క్షమించమనే మొహం కూడా లేదే నాకు."

"క్షమాపణ నాకొద్దు. ఒక్క పని చెయ్యండి. ఆయన నన్ను ఏ వీధిలో నిలబెట్టి అడిగాడో, ఆ వీధిలో నిలబడి ఇదే మాట చెప్పండి. గట్టిగా."

"నువ్వు లేవకూడదు. రెండు రోజులాగి పోదాం."

"రెండు రోజులు ఆగితే ఏమవుతుందో చూశాను కదా," అంది అమ్మాయి, కాళ్లు కిందకి దింపుతూ.

ఒక పక్క అక్క, ఒక పక్క పూసలమ్మ పట్టుకుని నడిపించారు. మిట్టమధ్యాహ్నం. ఆ వీధి ఇరుకు, ఓ ఇంట్లో తుమ్మితే ఎదురింట్లో చిరంజీవ అంటారు. ముగ్గురూ వస్తుంటేనే గుమ్మాలన్నీ నిండిపోయాయి. డ్రైవరు అప్పటికే ఇంటికి వచ్చేసి అరుగు మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడింది.

పూసలమ్మ వీధి మధ్యలో నిలబడింది. పంతొమ్మిదేళ్లు వేలమందికి పాఠం చెప్పిన గొంతు ఎత్తింది. నెలసరి రోజుల్లో కూడా గర్భం రావచ్చని చెప్పింది. ఎవరికి ఎలా వస్తుందో, ఈ పిల్లకి ఎలా వచ్చిందో చెప్పింది. దండ తప్పు కాదు, పిల్ల తప్పు కాదు, అడగకుండా ఇచ్చిన తన తప్పు అని చెప్పింది. మంగళవారం తెలిసి కూడా శనివారం దాకా నోరు మూసుకున్నాననీ చెప్పింది. ఆ మాట దగ్గర వీధిలో ఎవరో 'అయ్యో' అన్నారు. అత్తగారు కొంగు మొహానికి కప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

డ్రైవరు అరుగు దిగి వచ్చాడు. అంతమంది ముందూ భార్య ఎదురుగా నిలబడి, చేతులు రెండూ జోడించాడు. "నాదే తప్పు. రా, ఇంట్లోకి రా."

అప్పుడే పాప బయటికి పరిగెత్తుకొచ్చి తల్లి కాళ్లు చుట్టేసుకుంది. అమ్మాయి వంగలేక, తల మీద చెయ్యి వేసి నిమిరింది. చాలాసేపు అలాగే నిమురుతూ ఉండిపోయింది. తర్వాత తలెత్తి మొగుడి కళ్లలోకి చూసింది.

"ఆ రోజు నేను ఒట్టేసి చెప్పాను. నమ్మలేదు. ఇవాళ నర్సమ్మ చెబితే నమ్మావు. రేపు ఇంకో అనుమానం వస్తుంది, అప్పుడు ఎవర్ని పిలుచుకు రమ్మంటావు?"

అతను జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

"పద తల్లీ, పెద్దమ్మావాళ్లింటికి పోదాం," అంది పాపతో. అక్క పాపని ఎత్తుకుంది. ముగ్గురూ మెల్లగా, ఆగి ఆగి, వీధి చివర దాకా నడిచారు. ఎవరూ అడ్డుపడలేదు. వెంట వెళ్లాలని పూసలమ్మ రెండడుగులు వేసింది. వద్దన్నట్టు అమ్మాయి వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపింది.